హాస్టల్‌లో ఉంటే ఎన్ని మార్కులు పెరుగుతాయి?

మెషీన్ లెర్నింగ్ ల్యాబ్ వైవాలో తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది. లీనియర్ రిగ్రెషన్‌లో డిజైన్ మ్యాట్రిక్స్‌కి ఫుల్ ర్యాంక్ ఎందుకు ఉండాలి? దానికి సీనియర్ల నుంచి మనకు వారసత్వంగా వచ్చిన జవాబు కూడా ఉంది. "ఇన్వర్స్ ఉండాలి కదా సర్, అందుకని." సర్ తల ఊపుతారు, మార్కు పడుతుంది, తర్వాతి రోల్ నంబర్ లోపలికి వెళ్తుంది.

ఆ జవాబు తప్పు కాదు. కానీ అది సగం జవాబు, ఆ సగంతోనే వచ్చింది చిక్కంతా. ఇన్వర్స్ లేకపోవడమే సమస్య అని నేర్చుకున్నవాడికి, ఇన్వర్స్ లేకుండా పని జరిపించే సాధనం దొరికితే సమస్య తీరిపోయినట్టే కదా. `inv` ఎర్రర్ ఇస్తే `pinv` అని మారుస్తాం. ఎర్రర్ పోతుంది, నంబర్లు వస్తాయి, రికార్డులో ఎక్కిస్తాం. అలా వచ్చిన నంబర్లలో కొన్నింటికి డేటాతో అసలు సంబంధమే ఉండదని నా వాదన. ఊరికే అనడం కాదు, ఐదుగురు స్టూడెంట్లతో, కాలిక్యులేటర్ కూడా అక్కర్లేని లెక్కతో చూపిస్తాను.

ఈ డేటా నేను కల్పించినదే, చేత్తో చేసుకోవడానికి వీలుగా ఉంటుందని. కోడింగ్ టెస్ట్ ఒకటి జరిగింది. హాస్టల్లో ఉండే ముగ్గురికి 60, 70, 80 వచ్చాయి. కాలేజ్ బస్సులో వచ్చే ఇద్దరు డేస్కాలర్లకి 50, 60 వచ్చాయి. హాస్టల్ వాళ్ల సగటు 70, డేస్కాలర్ల సగటు 55. మనకి కావాల్సింది ఒక్కటే: హాస్టల్లో ఉండటానికీ మార్కులకీ ఉన్న సంబంధం ఎంత? ఇది ఊసుపోని ప్రశ్న కాదు. ఈ అంకె చూసి ఇంట్లోవాళ్లు హాస్టల్ ఫీజు కట్టాలా, బస్ పాస్‌తో సరిపెట్టాలా అని తేల్చుకుంటారనుకోండి. అప్పుడు అంకె 7.5 అయితే ఒక మాట, 28 అయితే ఇంకో మాట.

మనం ఏం చేస్తాం? ఇంటర్‌సెప్ట్ కోసం అన్నీ ఒకట్లున్న కాలమ్ పెడతాం. హాస్టల్ అయితే 1, కాకపోతే 0 అని H కాలమ్. డేస్కాలర్ అయితే 1, కాకపోతే 0 అని D కాలమ్. చూడ్డానికి ఎంతో న్యాయంగా ఉంటుంది, ఇద్దరికీ చెరో కాలమ్.

```
     1  H  D      y
     1  1  0     60
     1  1  0     70
X =  1  1  0     80
     1  0  1     50
     1  0  1     60
```

కోఎఫిషియంట్లని వరసగా a, h, d అందాం. హాస్టల్ స్టూడెంట్‌కి మన అంచనా a + h, డేస్కాలర్‌కి a + d.

ఇప్పుడు నార్మల్ ఈక్వేషన్స్. ఈ పేరులో నార్మల్ అంటే 'మామూలు' అని కాదు, లంబం అని. అది తెలిస్తే ఫార్ములాని బట్టీ పట్టక్కర్లేదు. y అనే వెక్టర్ నుంచి, X కాలమ్‌లన్నీ కలిసి ఏర్పరచే తలం మీదకి ఒక దారం దించామనుకోండి. ఆ దారం అతి పొట్టిగా ఎప్పుడుంటుంది? తలానికి లంబంగా దిగినప్పుడు. ఆ దారమే ఎర్రర్ వెక్టర్, అంటే y − Xb. లంబంగా ఉండటమంటే ప్రతి కాలమ్‌తోనూ డాట్ ప్రొడక్ట్ సున్నా కావడం. ఆ మాటనే గుర్తుల్లో రాస్తే Xᵀ(y − Xb) = 0. విడదీస్తే XᵀX b = Xᵀy. లీస్ట్ స్క్వేర్స్ పద్ధతిని లెజాండ్ర్ 1805లో అచ్చు వేయించినప్పుడు ఆయన ముందున్నది తోకచుక్కల కక్ష్యల లెక్క. మన ముందున్నది హాస్టల్. అయినా కట్టాల్సిన సమీకరణాల తీరు ఇదే.

మన డేటాకి ఆ సమీకరణాలు ఇలా వస్తాయి:

```
5a + 3h + 2d = 320
3a + 3h      = 210
2a      + 2d = 110
```

వీటిని మామూలు మాటల్లో చదివితే సంగతి వెంటనే బయటపడుతుంది. మొదటిది 'ఐదుగురి ఎర్రర్ల మొత్తం సున్నా' అంటోంది. రెండోది 'హాస్టల్ వాళ్ల ఎర్రర్ల మొత్తం సున్నా' అంటోంది. మూడోది 'డేస్కాలర్ల ఎర్రర్ల మొత్తం సున్నా' అంటోంది. రెండోదీ మూడోదీ నిజమైతే మొదటిది దానంతటదే నిజం. రెండూ కలిపి చూడండి, సరిగ్గా మొదటి వరసే వస్తుంది. కనిపిస్తున్నవి మూడు సమీకరణాలు, ఉన్నవి రెండే. తెలియనివి మాత్రం మూడు.

ఈ లోటు XᵀX దగ్గర పుట్టింది కాదు, X లోనే ఉంది. H, D కాలమ్‌లు కలిపితే ఒకట్ల కాలమ్ వచ్చేస్తుంది. మూడు కాలమ్‌లున్నా X ర్యాంక్ 2. XᵀX కొత్తగా ఏ తప్పూ చేయదనడానికి రెండు లైన్ల రుజువుంది. ఏదో v కి XᵀXv = 0 అయిందనుకుందాం. ఎడమవైపు vᵀ తో గుణిస్తే వచ్చేది Xv పొడవు వర్గం, అదీ సున్నాయే. పొడవు సున్నా అంటే Xv = 0. అంటే XᵀX కి ఇన్వర్స్ లేకపోవడం, X కాలమ్‌లు ఒకదానిమీద ఒకటి ఆధారపడటం, రెండూ ఒకే విషయం. మన లెక్కలో ఆ v ఏదంటే (1, −1, −1). a కి ఎంత కలిపినా, h నుంచీ d నుంచీ అంతే తీసేస్తే ఒక్క అంచనా కూడా కదలదు.

చాలామంది ఇక్కడే తికమకపడతారు. ర్యాంక్ తగ్గితే జవాబు లేదనుకుంటారు. నార్మల్ ఈక్వేషన్స్‌కి జవాబు ఎప్పుడూ ఉంటుంది, తలం ఉన్నాక లంబం దించడం ఎలాగైనా కుదురుతుంది. పోయేది జవాబు కాదు, 'ఒకే ఒక్క జవాబు' అనే హామీ. a = 0, h = 70, d = 55 పెట్టి చూడండి, సరిపోతుంది. a = 55, h = 15, d = 0 కూడా సరిపోతుంది. a = 70, h = 0, d = −15 కూడా. a + h = 70, a + d = 55 అయితే చాలు, మిగతాది మీ ఇష్టం.

ఆ 'మీ ఇష్టం' అన్నచోట సాఫ్ట్‌వేర్ తన ఇష్టాన్ని పెట్టుకుంటుంది. నాకు కోపం వచ్చేది అక్కడే.

```python
import numpy as np
X = np.array([[1,1,0],[1,1,0],[1,1,0],[1,0,1],[1,0,1]])
y = np.array([60,70,80,50,60])
print(np.linalg.pinv(X) @ y)
print(np.linalg.matrix_rank(X), "of", X.shape[1])
```

మొదటి `print` ఇచ్చేది దాదాపుగా 41.67, 28.33, 13.33. ఇవి ఎక్కణ్నుంచి వచ్చాయి? లెక్కలేనన్ని జవాబుల్లో, మూడు కోఎఫిషియంట్ల వర్గాల మొత్తం అతి తక్కువయ్యేదాన్ని `pinv` ఏరుకుంటుంది. h = 70 − a, d = 55 − a కాబట్టి, a² + (70 − a)² + (55 − a)² ని కనిష్ఠం చేస్తే 3a = 125. అంతే, a = 41.67. హాస్టల్ కోఎఫిషియంట్ 28.33 అయింది. ఈ వర్గాల మొత్తం తక్కువగా ఉండాలని ఐదుగురు స్టూడెంట్లలో ఎవరడిగారు? మనం అడిగామా?

ఇదే డేటాలో H, D కాలమ్‌లని `scikit-learn` లోని `LinearRegression` కి ఇవ్వండి. అది ఇంటర్‌సెప్ట్‌ని పక్కన పెట్టుకుని, ముందు కాలమ్‌ల నుంచి సగటు తీసేసి, ఆ తర్వాత చిన్న కోఎఫిషియంట్లు వెతుకుతుంది. కాబట్టి ఇంటర్‌సెప్ట్ 62.5, హాస్టల్ 7.5, డేస్కాలర్ −7.5 అంటుంది. ఆర్‌లో `lm(y ~ H + D)` అని రాస్తే ఇంటర్‌సెప్ట్ 55, హాస్టల్ 15 ఇచ్చి, డేస్కాలర్ ఎదురుగా `NA` అని పెట్టేస్తుంది. `summary` అడిగితే `1 not defined because of singularities` అని పైన ఒక ముక్క కూడా చెప్తుంది.

ఐదుగురే, మార్కులు అవే. హాస్టల్ విలువ ఒకచోట 28.33, ఒకచోట 7.5, ఇంకోచోట 15. ముగ్గురు ఫ్రెండ్స్ మూడు ల్యాప్‌టాప్‌లలో చేసి మూడు పోస్టర్లు వేస్తే, ఇంట్లోవాళ్లు ఏ పోస్టర్ చూసి ఫీజు కట్టాలి?

ఈ ముగ్గురిలో నా ఓటు ఆర్‌కే. అది కూడా తన ఇష్టప్రకారమే ఒక కాలమ్ తీసేసింది, కాదనను. కానీ తీసేశానని చెప్పింది. `NA` అనే రెండక్షరాలు స్క్రీన్ మీద కనపడగానే ఎవడైనా ఆగి 'ఇదేంటి' అనుకుంటాడు. `pinv` దగ్గర ఆగడానికి ఏమీ ఉండదు. `statsmodels` అయితే మధ్యలో ఉంటుంది. మామూలుగా అది వాడేదీ `pinv` పద్ధతే, కోఎఫిషియంట్ల పక్కన స్టాండర్డ్ ఎర్రర్, పీ వాల్యూ కూడా ముచ్చటగా వేసి ఇస్తుంది. డిజైన్ మ్యాట్రిక్స్ సింగ్యులర్ అయ్యుండొచ్చన్న హెచ్చరిక మాత్రం టేబుల్ అడుగున నోట్స్‌లో ఉంటుంది. ల్యాబ్ అయిపోయే పది నిమిషాల ముందు టేబుల్ అడుగున నోట్స్ చదివేవాళ్లు ఎంతమందో మీకూ తెలుసు.

మరి `inv` గానీ `solve` గానీ వాడితే ఎర్రర్ వస్తుంది కదా అంటారా? వస్తే అదృష్టమే. కాగితం మీద డిటర్మినెంట్ సున్నా అయినా, మెషీన్‌లో రౌండింగ్ వల్ల అది పదహారో దశాంశం దగ్గర ఏదో చిన్న ముక్కగా మిగలొచ్చు. అప్పుడు ఎర్రర్ రాదు, ఆ ముక్కతో భాగించిన భారీ అంకెలు వస్తాయి. వాటిని చూస్తేనే ఏదో తేడాగా ఉందని తెలిసిపోతుంది కాబట్టి ఒక రకంగా అది కూడా నయమే. 28.33 ని చూస్తే ఎవరికీ అనుమానం రాదు, అచ్చం నిజమైన జవాబులా ఉంటుంది.

నా రూమ్మేట్ దగ్గర ఈ వాదన పెడితే వాడు గట్టిగానే అడ్డుకున్నాడు. "ఒరేయ్, మూడింటిలోనూ హాస్టల్ వాడికి 70, డేస్కాలర్‌కి 55 అనే కదా వస్తోంది. ప్రిడిక్షన్ కరెక్టయితే కోఎఫిషియంట్ ఎలా ఉంటే నీకేంటి?" వాడన్నదాంట్లో సగం నిజముంది, దాన్ని ఒప్పుకోవాల్సిందే. లంబం దిగే చోటు ఒక్కటే, ఏ దారిలో వెళ్లినా Xb అదే. ఆ ఐదుగురి లాంటి వాళ్లకి మాత్రమే ప్రిడిక్షన్ కావాలంటే ర్యాంక్ తగ్గినా నష్టం లేదు. h − d కూడా మూడింటిలోనూ 15 మాత్రమే. 28.33 లోంచి 13.33 తీసేయండి, 15. 7.5 లోంచి −7.5 తీసేయండి, 15.

అయితే వాడిని నేను అడిగింది ఇది. మా క్లాసులో కొందరు హాస్టల్లోనూ ఉండరు, ఇంటి నుంచీ రారు. కాలేజీ గేటుకి ఎదురుగా రూమ్ అద్దెకి తీసుకుని, వండుకునో కర్రీ పాయింట్ మీద బతుకుతూనో ఉంటారు. అలాంటి వాడికి H = 0, D = 0. వాడి మార్కు ప్రిడిక్ట్ చెయ్యి. `pinv` 41.67 అంటుంది. `scikit-learn` 62.5 అంటుంది. నేను ముందు చెప్పిన a = 0 జవాబు వాడికి సున్నా మార్కులు వేస్తుంది, a = 70 జవాబు వాడిని హాస్టల్ వాళ్ల సరసన కూర్చోబెడుతుంది. రూమ్మేట్ కాసేపు గోడవైపు చూసి, "అయితే వాడికి చెప్పలేం అనాలి" అన్నాడు. అదే కదా నేను అంటున్నది.

చెప్పగలిగేది ఏది, చెప్పలేనిది ఏది అన్నది ఊహతో తేల్చుకోనక్కర్లేదు. దానికి ఖచ్చితమైన పరీక్ష ఉంది. మనం అడిగే ప్రశ్నని (a, h, d) ల గుణకాలుగా రాసుకోవాలి. ఆ వరస X లోని వరసల్ని కలిపి, తీసి, గుణించి తయారు చేయగలిగితే డేటా దగ్గర జవాబుంది. చేయలేకపోతే లేదు. h − d అంటే (0, 1, −1). హాస్టల్ వరస (1, 1, 0) లోంచి డేస్కాలర్ వరస (1, 0, 1) తీసేస్తే సరిగ్గా అదే వచ్చింది. కాబట్టి 15 అనేది డేటా మాట. h ఒక్కటే కావాలంటే (0, 1, 0). హాస్టల్ వరసని p రెట్లు, డేస్కాలర్ వరసని q రెట్లు తీసుకుంటే వచ్చేది (p + q, p, q). p = 1, q = 0 కావాలి, అప్పుడు మొదటి స్థానంలో సున్నా బదులు 1 వస్తుంది. కుదరదు. రూమ్ వాడి వరస (1, 0, 0) కూడా అంతే, కుదరదు. కాబట్టి 'హాస్టల్ ఎఫెక్ట్ 28.33' అన్న వాక్యానికి అర్థమే లేదు. 'డేస్కాలర్ కంటే హాస్టల్ వాళ్లకి సగటున 15 ఎక్కువ' అన్న వాక్యానికి ఉంది.

ఈ ఆలోచన మన దేశంలోనే బాగా ఎదిగింది. ఫలానా ప్రశ్నకి డేటా నుంచి జవాబు అంచనా వేయడం సాధ్యమా కాదా అన్న విషయాన్ని ఆర్.సి. బోస్ 1944లోనే స్పష్టం చేశారు. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివి కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లిన మన తెలుగువాడు సి.ఆర్. రావు, ఇన్వర్స్ లేని మ్యాట్రిక్స్‌లతో లీస్ట్ స్క్వేర్స్ ఎలా చేయాలో 1962 నాటి పేపర్లో చూపించారు. 1971లో సుజిత్ కుమార్ మిత్రతో కలిసి జనరలైజ్డ్ ఇన్వర్స్ మీద ఏకంగా ఒక పుస్తకమే రాశారు. `pinv` లో ఉన్న మూర్-పెన్‌రోజ్ ఇన్వర్స్‌కి నాలుగు షరతులుంటాయి. రావు గారి దారిలో ఒక్క షరతు చాలు: AGA = A. అలాంటి G ఒక్కటి కాదు, బోలెడు ఉంటాయి.

మన లెక్కలోనే ఒకటి చేత్తో కట్టొచ్చు. XᵀX లో మొదటి వరసా మొదటి కాలమూ వదిలేస్తే, కర్ణం మీద 3, 2 ఉన్న చిన్న మ్యాట్రిక్స్ మిగులుతుంది. దాన్ని తిరగేసి, మిగతా చోట్ల సున్నాలు పెడితే కర్ణం మీద 0, 1/3, 1/2 ఉన్న G వస్తుంది. Xᵀy అంటే (320, 210, 110). దాన్ని G తో గుణిస్తే (0, 70, 55). ఎంత హాయిగా ఉందో చూడండి, రెండు సగటులూ వచ్చేశాయి. ఇంకో G తీసుకుంటే ఇంకో జవాబు వస్తుంది. కానీ పైన చెప్పిన పరీక్ష నెగ్గిన ప్రశ్నకి ఏ G తీసుకున్నా జవాబు మారదు. ఈ థియరీకి ప్రాణమంతా అక్కడే ఉంది. G ఏదైనా ఫర్వాలేదు, ఎందుకంటే G మీద ఆధారపడే ప్రశ్నలు మనం అడగం. మనం మాత్రం థియరీలో మొదటి సగం తీసుకుని `pinv` అని టైప్ చేస్తున్నాం, రెండో సగాన్ని సిలబస్‌లో ఎక్కడో వదిలేశాం.

'డేటా ఎక్కువుంటే ఈ గొడవ ఉండదు' అనే మాట ల్యాబ్‌లో ఎవరో ఒకరు అనకుండా ఉండరు. ఉంటుంది. ఐదుగురి బదులు ఐదు లక్షల మందిని తెండి, ప్రతి ఒక్కరికీ H + D = 1 అయినంతకాలం ర్యాంక్ 2 దగ్గరే ఉంటుంది. అదే ఆ రూమ్ వాడిని ఒక్కణ్ని తీసుకొచ్చి ఆరో వరసగా కూర్చోబెట్టండి. (1, 0, 0) అనే కొత్త వరస చేరగానే ర్యాంక్ 3. వాడికి 65 వచ్చాయనుకుంటే a = 65, h = 5, d = −10, ఇంకో జవాబుకి దారే లేదు. ఇప్పుడు h అంటే రూమ్ వాళ్లతో పోలిస్తే హాస్టల్ వాళ్లకి ఎంత ఎక్కువ అని. వాడొక్కడి మార్కు మీదే అన్నీ వేలాడుతున్నాయి కాబట్టి ఆ అంచనా బలహీనమే. ఆ రోజు వాడికి జ్వరం వచ్చుంటే మూడు కోఎఫిషియంట్లూ మారిపోతాయి. అయినా ప్రశ్నకి అర్థమంటూ ఏర్పడింది. అసలు అర్థమే లేని ప్రశ్నకంటే బలహీనమైన జవాబున్న ప్రశ్న నయం.

ఇంతవరకూ చెప్పింది ర్యాంక్ పూర్తిగా పడిపోయిన కేసు. దానికి దగ్గరి చుట్టం ఇంకొకటుంది, దాన్ని పట్టుకోవడం ఇంకా కష్టం. ఒక కాలమ్‌లో సీజీపీఏ, ఇంకో కాలమ్‌లో అదే సీజీపీఏని ఫార్ములాతో మార్చిన పర్సెంటేజ్ పెట్టారనుకోండి. లెక్కప్రకారం రెండూ ఒకటే సమాచారం. కానీ ఎవరో సీజీపీఏని ఒక దశాంశానికి రౌండ్ చేసి ఎంటర్ చేశారు. ఆ రౌండింగ్ తేడాల వల్ల `matrix_rank` ఫుల్ ర్యాంక్ అంటుంది. జవాబు ఒక్కటే, నిజమే. కానీ ఆ జవాబు నిలబడింది రౌండింగ్ తేడాల మీద. ఒక కోఎఫిషియంట్ పెద్ద ప్లస్, ఇంకోటి పెద్ద మైనస్ అయి కూర్చునే అవకాశం ఎక్కువ. గుర్తుపట్టడానికి నేను చేసేది చాలా మోటు పద్ధతి. ఏదో ఒక స్టూడెంట్ వరస తీసేసి మళ్లీ ఫిట్ చేస్తాను. ప్రిడిక్షన్లు పెద్దగా కదలకుండా కోఎఫిషియంట్ల గుర్తులు మాత్రం తలకిందులైతే, ఆ కాలమ్‌లు ఒకదాని మాట ఒకటి చెప్తున్నాయన్నమాట. `np.linalg.cond(X)` కూడా ఇదే సంగతి అంకెలో చెప్తుంది.

ఇలాంటి చోట XᵀX కట్టడమే నష్టం తెస్తుంది, ఎందుకంటే కండిషన్ నంబర్ వర్గమైపోతుంది. X ది పది కోట్లు, అంటే 10⁸ ఉంటే, XᵀX ది 10¹⁶ అవుతుంది. మన డబుల్ నంబర్లలో నిలిచేవి సుమారు పదహారు అంకెలు. ఇది చూడండి:

```python
e = 1e-8
X = np.array([[1,1],[e,0],[0,e]])
print(np.linalg.matrix_rank(X))
print(X.T @ X)
```

X ర్యాంక్ 2 అనే వస్తుంది. XᵀX కర్ణం మీద ఉండాల్సింది 1 + 10⁻¹⁶. ఆ చివరి ముక్కని డబుల్ మోయలేదు, 1 గా చేసి పారేస్తుంది. చేతికి వచ్చేది నాలుగూ ఒకట్లే ఉన్న మ్యాట్రిక్స్, దానికి ఇన్వర్స్ లేదు. డేటాలో ఉన్న ఫుల్ ర్యాంక్‌ని మనమే గుణించి పోగొట్టాం. అందుకే మంచి లైబ్రరీలు నార్మల్ ఈక్వేషన్స్‌ని నేరుగా సాల్వ్ చేయకుండా క్యూఆర్ గానీ ఎస్‌వీడీ గానీ X మీదే వాడతాయి. ఫార్ములా ఆలోచించుకోవడానికి, క్యూఆర్ లెక్క చేయడానికి.

ఇక ల్యాబ్ సంగతికి వస్తాను. రిగ్రెషన్ ఎక్స్‌పెరిమెంట్ రికార్డులో ఆర్-స్క్వేర్ విలువ తప్పనిసరి. ర్యాంక్ మాత్రం ఎవరూ అడగరు. మన హాస్టల్ లెక్కలో మూడు సాధనాలదీ ఆర్-స్క్వేర్ ఒకటే అని గమనించండి, ఎందుకంటే ప్రిడిక్షన్లు ఒకటే. అంటే 28.33 కీ 7.5 కీ మధ్య తేడాని పట్టుకునే శక్తి ఆర్-స్క్వేర్‌కి లేనే లేదు. నేను అడిగేది ఒక్క లైను: `matrix_rank(X)` ఎంత, కాలమ్‌లు ఎన్ని. పై కోడ్‌లోని రెండో `print` అదే, మన డేటాకి `2 of 3` అని వస్తుంది. ఆ లైను కనపడకపోతే కోఎఫిషియంట్ల టేబుల్‌కి మార్కులు వేయొద్దని మా ల్యాబ్ ఫ్యాకల్టీకి విన్నవించుకుంటున్నాను (మా బ్యాచ్ నన్ను క్షమించాలి).

`2 of 3` వచ్చినప్పుడు ఏం చేయాలన్నది పెద్ద రహస్యం కాదు. ఇంటర్‌సెప్ట్ తీసేయండి, h = 70, d = 55, రెండు గ్రూపుల సగటులూ నేరుగా వస్తాయి. లేదా ఒక డమ్మీ కాలమ్ తీసేయండి. రిడ్జ్ వాడతారా, వాడండి, కానీ చిన్న కోఎఫిషియంట్లు కావాలన్న కోరిక మీదేనని, డేటాది కాదని రిపోర్టులో రాయండి. ఎక్కువమంది వాడేది `pd.get_dummies(df, drop_first=True)`. అందులో ఒక చిన్న మెలిక ఉంది. మామూలు టెక్స్ట్ కాలమ్ ఇస్తే అది పేర్లని అక్షరక్రమంలో పేర్చి మొదటిదాన్ని తీసేస్తుంది. మీ డేటాలో `bus`, `hostel` అని ఉంటే `bus` పోతుంది, హాస్టల్ ఎదురుగా +15 వస్తుంది. అదే డేస్కాలర్లని `local` అని రాసుంటే `hostel` పోతుంది, `local` ఎదురుగా −15 వస్తుంది. కాబట్టి టేబుల్ కింద ఏ కాలమ్ తీసేశారో కూడా రాయండి.